‘శాస్త్రీయంగా నిరూపితం’ అని రాసి ఉంటే: వ్యక్తిత్వ వికాస పుస్తకం కొనే ముందు ఆధారం వెతికే పద్ధతి

పుస్తక ప్రదర్శనకు వెళితే వ్యక్తిత్వ వికాస పుస్తకాల బల్ల దగ్గర ఎప్పుడూ జనం ఉంటారు. అక్కడ ఏ పుస్తకం వెనక అట్ట చూసినా ‘పరిశోధనల్లో తేలింది’ అనో, ‘ప్రముఖ విశ్వవిద్యాలయం నిరూపించింది’ అనో ఒక వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యం నిజమో కాదో తేల్చడానికి మనస్తత్వ శాస్త్రంలో పట్టా అవసరం లేదు. ఒక ఫోను, ఒక అరగంట, ఇంగ్లీషులో పదిహేను వాక్యాల సారాంశం చదివి అర్థం చేసుకునే ఓపిక ఉంటే చాలు. పరిశోధన పత్రాలు దాదాపుగా అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి ఆ ఓపిక మాత్రం తప్పదు.

ఇలా వెతికితే పచ్చి అబద్ధాలు బయటపడతాయని చాలామంది అనుకుంటారు. నాకు ఎక్కువగా కనిపించేది అది కాదు. అసలు పరిశోధకుడు జాగ్రత్తగా, షరతులతో చెప్పిన మాట పత్రం నుంచి ఉపన్యాసానికి, ఉపన్యాసం నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి అట్ట మీదికి వచ్చేలోగా ఒక్కో షరతూ రాలిపోతుంది. రాలిపోయిన షరతులను తిరిగి ఏరుకోవడమే ఇక్కడ మనం చేసే పని. ‘21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుంది’ అనే మాటను మొదటి నుంచి చివరి దాకా ఉదాహరణగా తీసుకుంటాను. తెలుగులో ఉపన్యాసాల్లో, పుస్తకాల్లో, పాఠశాల గోడల మీద కూడా బాగా పాతుకుపోయిన మాట అది.

మొదటి అడుగు: పుస్తకాన్ని కాదు, ఒక్క వాదనను పట్టుకోండి

రెండు వందల పేజీల పుస్తకాన్ని మొత్తంగా పరీక్షించడం ఎవరి వల్లా కాదు. వెనక అట్ట, ముందుమాట, విషయసూచిక, ఆన్‌లైన్ దుకాణాల్లో ఉచితంగా చూపించే నమూనా పేజీలు చదివి, ఆ పుస్తకం దేని మీద నిలబడి ఉందో ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. ఆ వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: ఎవరు, ఏమి చేస్తే, ఏమి మారుతుంది, ఎంత కాలంలో.

‘నిన్ను నువ్వు నమ్ముకో’ అన్న వాక్యంలో ఈ నాలుగూ లేవు. అది తప్పని నిరూపించే దారీ లేదు, ఒప్పని నిరూపించే దారీ లేదు. అలాంటి మాటలతోనే నిండిన పుస్తకం చెడ్డదని కాదు. వేమన పద్యానికి ఎవరూ ప్రయోగ ఫలితాలు అడగరు. అలాంటి పుస్తకాన్ని దాని భాష కోసం, రచయిత అనుభవం కోసం కొనవచ్చు. చిక్కు ఎక్కడంటే, అనుభవంతో చెప్పిన మాటకు శాస్త్రం ముద్ర వేసి అమ్మేటప్పుడు.

‘ఎవరైనా సరే, ఒక పనిని వరసగా 21 రోజులు చేస్తే, అది అలవాటైపోతుంది’ అన్న వాక్యంలో నాలుగు సంగతులూ ఉన్నాయి. దీన్ని పరీక్షించవచ్చు. ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఈ వాక్యాన్ని తీసేస్తే పుస్తకంలో ఏమి మిగులుతుంది? పుస్తకమంతా 21 రోజుల కార్యక్రమంగా, రోజుకో పేజీ చొప్పున ఖాళీ గీతలతో ఉంటే, ఆ అంకె పోగానే పుస్తకమే పోతుంది. అదే అంకె ఒక అధ్యాయంలో ఊరికే తగిలి వెళ్లిపోతే దాని మీద అరగంట ఖర్చు పెట్టనవసరం లేదు. పుస్తకానికి మూల స్తంభమైన వాదననే ఎంచుకోండి.

రెండో అడుగు: ఆ వాదనకు జాడ ఉందా?

ఇప్పుడు పుస్తకం చివరి పేజీలు తిప్పండి. పాదసూచికలు, ఉపయోగించిన గ్రంథాల పట్టిక ఉన్నాయా చూడండి. కొన్ని తెలుగు అనువాదాల్లో పేజీలు తగ్గించడానికి వీటిని వదిలేస్తారు కాబట్టి, అనువాద పుస్తకమైతే ఇంగ్లీషు ప్రతి నమూనా పేజీలను గూగుల్ బుక్స్‌లో చూడండి. కొందరు రచయితలు ఈ పట్టికను పుస్తకంలో కాకుండా తమ వెబ్‌సైటులో పెడతారు.

‘శాస్త్రవేత్తలు అంటున్నారు’ అంటే జాడ లేనట్టే. విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే ఉంటే సగం జాడ. పరిశోధకుల పేర్లు, సంవత్సరం, పత్రిక పేరు మూడూ ఉంటే వెతకడం నిమిషాల్లో పని. ఇక్కడ ఒక హెచ్చరిక ఏమిటంటే, విశ్వవిద్యాలయం పేరు, సంవత్సరం, శాతం కలిసి ఉన్నంత మాత్రాన అధ్యయనం ఉన్నట్టు కాదు. 1953లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చిన విద్యార్థుల్లో 3 శాతం మందే తమ లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారని, 20 ఏళ్ల తర్వాత చూస్తే మిగతా 97 శాతం మంది సంపద మొత్తం కన్నా ఆ 3 శాతం మంది సంపద ఎక్కువగా ఉందని ఒక కథ ఉంది. మీరూ ఎక్కడో విని ఉంటారు. అమెరికాలోని ఫాస్ట్ కంపెనీ పత్రిక 1996లో దీని మూలం వెతికింది. ఈ కథ చెప్పే వక్తలను అడిగితే ఒకరు మరొకరి పేరు చెప్పారు. యేల్‌లో అడిగితే అలాంటి అధ్యయనం జరిగిన దాఖలాయే లేదు. అంత వివరంగా అంకెలున్న కథకు అడుగున ఏమీ లేదు. అయినా ఆ కథ ఇంకా కొత్త పుస్తకాల్లోకి ఎక్కుతూనే ఉంది.

అందుకే ఒక పుస్తకం తన ఆధారంగా ఇంకో వ్యక్తిత్వ వికాస పుస్తకాన్ని చూపిస్తే దాన్ని జాడగా లెక్కపెట్టకండి. రెండో పుస్తకం మూడోదాన్ని చూపిస్తుంది. మూడోది మళ్లీ మొదటిదాన్ని చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మూడో అడుగు: మూలం దాకా వెళ్లండి

ఈ అడుగులన్నిటిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇదే. 21 రోజుల సంగతి వెతుకుదాం.

ఈ అంకె జాడ పట్టుకుని వెనక్కి వెళితే 1960లో అమెరికాలో వచ్చిన ‘సైకో సైబర్నెటిక్స్’ అనే పుస్తకం దగ్గర ఆగుతాం. రచయిత మాక్స్‌వెల్ మాల్ట్జ్ ప్లాస్టిక్ సర్జన్. ముక్కు సరిచేసిన రోగికి అద్దంలో కొత్త ముఖం తనదే అనిపించడానికి దాదాపు మూడు వారాలు పడుతోందని ఆయన గమనించారు. చేయో కాలో తీసేసిన వాళ్లకు అది ఇంకా ఉన్నట్టు అనిపించే స్థితి కూడా దాదాపు అంతకాలం ఉంటుందన్నారు. మనసులోని పాత రూపం కరిగి కొత్తది స్థిరపడడానికి కనీసం సుమారు 21 రోజులు పడుతుందని రాశారు.

ఇందులో ఏమేమి లేవో చూడండి. ప్రయోగం లేదు. ఎంతమంది రోగులన్న లెక్క లేదు. పోల్చి చూడడానికి ఇంకో బృందం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అలవాటు లేదు. ఉదయం నడక గురించో, చదువు గురించో ఆయన కొలిచింది ఏమీ లేదు. సొంత ముఖానికి అలవాటు పడడం గురించి ఒక వైద్యుడి పరిశీలన అది. పైగా ‘కనీసం’, ‘సుమారు’ అని ఆయన పెట్టిన రెండు షరతులూ దారిలోనే పోయాయి. తక్కువలో తక్కువ ఇంత పడుతుందన్న మాట, ఇంతలో అయిపోతుందన్న హామీగా మారింది. ఈ తప్పును మాల్ట్జ్ మీద వేయలేం.

సరే, అలవాటును నిజంగా ఎవరైనా కొలిచారా? గూగుల్ స్కాలర్ తెరిచి, ఫోనులోనైనా సరే, ఇలా వెతకండి:

```
habit formation automaticity real world
```

వాక్యాన్ని మొత్తం తర్జుమా చేసి వెతకడం కన్నా ఇలా మూడు నాలుగు సాంకేతిక పదాలు వేస్తే మేలు. ఆ పదాలు తెలియకపోతే వికీపీడియాలో ఆ అంశం మీద వ్యాసం తెరిస్తే దొరుకుతాయి. పై వెతుకులాటలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు రాసిన పత్రం పైవరసలోనే కనిపిస్తుంది. 2010లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ సోషల్ సైకాలజీలో అచ్చయింది. పత్రం మొత్తం చదవడానికి డబ్బు కట్టమంటే వెనక్కి వచ్చేయకండి. ఫలితానికి కుడివైపు `[PDF]` అని ఉందేమో, కింద `All 12 versions` లాంటి మాట నొక్కితే ఉచిత ప్రతి ఉందేమో చూడండి. అదీ లేకపోతే సారాంశం ఒక్కటే అయినా మన పనికి చాలావరకు సరిపోతుంది.

సారాంశంలో ఐదు సంగతులు వెతకాలి: ఎవరి మీద, ఎంతమంది మీద, ఎంత కాలం, ఏమి కొలిచారు, ఎలా కొలిచారు. లాలీ పత్రంలో జవాబులు ఇలా ఉన్నాయి. 96 మంది స్వచ్ఛందంగా వచ్చారు. ఒక్కొక్కరూ తినడానికో, తాగడానికో, వ్యాయామానికో సంబంధించిన చిన్న పనిని ఎంచుకుని, అల్పాహారం తర్వాత అన్నట్టుగా రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టుకుని చేశారు. 12 వారాల పాటు ఆ పని ఎంత అప్రయత్నంగా జరుగుతోందో తామే నమోదు చేశారు. పని గరిష్ఠ స్థాయికి దగ్గరగా అప్రయత్నం కావడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా వచ్చింది. మధ్యగతం 66 రోజులు, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ.

అయితే 21 కొట్టేసి 66 అని రాసుకుంటే సరిపోతుందా? కొన్ని కొత్త పుస్తకాలు సరిగ్గా ఆ పనే చేస్తున్నాయి. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. అధ్యయనం నడిచింది 12 వారాలు, అంటే 84 రోజులు. మరి 254వ రోజు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ 254 రోజులు చూడలేదు. పని ఎంత అప్రయత్నమైందో చూపే గీత 84 రోజుల్లో పెరిగిన తీరును బట్టి లెక్కగట్టి ముందుకు పొడిగించిన అంచనా అది. పైగా పరిశోధకులు వేసిన ఆ గీత నమూనా 62 మందికి సరిపోయింది. బాగా సరిపోయింది 39 మందికే. ఆ 66 రోజుల అంకె వెనక ఉన్న మనుషులు ఇంతమందే. ఇవన్నీ పరిశోధకులు దాచుకున్నవి కావు, పత్రంలోనే రాసి పెట్టారు. పుస్తకాల వాళ్లే 66 అన్న అంకెను తీసుకుని మిగతావి వదిలేశారు.

ఆ పత్రంలో పాఠకుడికి అసలు పనికొచ్చే రెండు సంగతులున్నాయి, అవి అట్టల మీదికి రానే రావు. నీళ్లు తాగడం లాంటి తేలిక పనులు త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినా పెద్ద తేడా రాలేదు. ‘ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి’ అని బెదిరించే పుస్తకం మీ చేతిలో ఉంటే, ఆ రెండో సంగతి ఒక్కటే దాన్ని కింద పెట్టడానికి చాలు.

నాలుగో అడుగు: ఆ పత్రం తర్వాత ఏమి జరిగింది?

ఒక్క అధ్యయనం ఉందని తేలగానే చాలామంది ఆగిపోతారు. పుస్తకాలూ అక్కడే ఆగుతాయి, ఎందుకంటే అచ్చయిన పుస్తకం అచ్చయిన రోజు దగ్గరే నిలిచిపోతుంది, పరిశోధన నిలవదు. గూగుల్ స్కాలర్‌లో ఆ పత్రం కింద `Cited by` అని ఒక అంకెతో ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పత్రాన్ని ప్రస్తావించిన తర్వాతి పత్రాలన్నీ వస్తాయి. వందలు వస్తే భయపడకండి. పైన `Search within citing articles` అనే గడిలో టిక్ పెట్టి, ఈ మాటల్లో ఒక్కొక్కటీ వేసి వెతకండి:

```
replication
meta-analysis
systematic review
```

మొదటిది అదే ప్రయోగాన్ని వేరేవాళ్లు మళ్లీ చేసి చూసిన పత్రాలను చూపిస్తుంది. మిగతా రెండూ అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచిన సమీక్షలను చూపిస్తాయి. అలవాట్ల విషయంలో ఇలా వెతికితే 2024 నాటి ఒక సమీక్ష దొరుకుతుంది. 20 అధ్యయనాలు, రెండున్నర వేల పైచిలుకు మనుషులు. ఆరోగ్యానికి సంబంధించిన అలవాట్లకు మధ్యగతం 59 నుంచి 66 రోజులని తేలింది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం 4 రోజుల నుంచి 335 రోజుల దాకా ఉంది. అంటే లాలీ పత్రం చెప్పిన దిశ నిలబడింది: సాధారణంగా నెలల లెక్క, అందరికీ వర్తించే ఒక్క అంకె లేదు.

ప్రతి వాదనకూ ఈ అడుగులో ఇంత అదృష్టం ఉండదు. 2010లో డానా కార్నీ, ఏమీ కడ్డీ, ఆండీ యాప్ ఒక పత్రం అచ్చు వేశారు. బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చోవడం లాంటి ఠీవి భంగిమల్లో రెండు నిమిషాలు ఉంటే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుందని, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ తగ్గుతుందని, సాహసించి నిర్ణయాలు తీసుకుంటారని అందులో ఉంది. పాల్గొన్నవాళ్లు 42 మంది. 2012లో దాని మీద ఇచ్చిన ఉపన్యాస వీడియోను ప్రపంచమంతా కోట్ల సార్లు చూసింది. ఇంటర్వ్యూ శిక్షణ తరగతుల్లో ఇలాంటి భంగిమలు మన దగ్గర కూడా నేర్పుతారు.

2015లో ఎవా రానేహిల్ బృందం దాదాపు అదే ప్రయోగాన్ని 200 మంది మీద మళ్లీ చేసింది. హార్మోన్లలో మార్పు లేదు, సాహసంలో మార్పు లేదు. కాస్త బలంగా ఉన్నట్టు అనిపించిందని మాత్రం పాల్గొన్నవాళ్లు చెప్పారు. 2016లో మొదటి పత్రం ప్రధాన రచయిత కార్నీయే ఈ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. కడ్డీ ఒప్పుకోలేదు, బలంగా ఉన్నట్టు అనిపించడం అనే భాగానికి ఆధారాలున్నాయని ఆమె తర్వాత కూడా వాదించారు. ఇక్కడ మూడు వాదనలు విడివిడిగా ఉన్నాయని గమనించండి: హార్మోన్లు, ప్రవర్తన, అనుభూతి. మొదటి రెండూ నిలబడలేదు, మూడోది కొంత నిలబడింది. ‘భంగిమతో మీ రసాయనాలే మారిపోతాయి’ అని ఇవాళ కూడా రాసే పుస్తకం కనబడితే, రచయిత `Cited by` నొక్కలేదని అనుకోవచ్చు.

ఇంకొక సంగతి. పత్రం పేరుకు ముందు `RETRACTED` అని కనిపిస్తే, పత్రికే దాన్ని ఉపసంహరించిందని అర్థం. అక్కడితో వెతుకులాట ఆపేయండి.

మరి మళ్లీ చేసి చూసిన వాళ్లెవరూ కనబడకపోతే? అప్పుడు వాదన తప్పని కాదు, తేలలేదని. 42 మంది లాంటి చిన్న సంఖ్య మీద ఒకే ఒక్కసారి జరిగి, ఫలితం ఆశ్చర్యపరిచేంత పెద్దదిగా ఉంటే నేను దాన్ని నమ్మకుండా పక్కన పెడతాను. చిన్న గుంపులో యాదృచ్ఛికంగా పెద్ద తేడాలు వస్తుంటాయి, పత్రికలు అచ్చు వేసేదీ ఎక్కువగా తేడా వచ్చిన ప్రయోగాలనే.

ఐదో అడుగు: నిజమే, కానీ ఎంత?

వాదన నిజమని తేలినా పని అయిపోలేదు. ‘తెలివి పుట్టుకతో స్థిరమైనది కాదు, పెంచుకోవచ్చు’ అన్న నమ్మకం పిల్లల మార్కులు పెంచుతుందనే వాదన తల్లిదండ్రుల పుస్తకాల్లో విరివిగా కనిపిస్తుంది. దీని మీద 2019లో నేచర్ పత్రికలో పెద్ద అధ్యయనం వచ్చింది. అమెరికాలో దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి విద్యార్థులు, గంటలోపు ఆన్‌లైన్ పాఠం, యాదృచ్ఛికంగా విడగొట్టిన రెండు బృందాలు. పద్ధతిలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చదువులో వెనకబడిన విద్యార్థుల గ్రేడ్ సగటు పెరిగింది. ఎంత? 4 పాయింట్ల తరహా స్కేలు మీద 0.1.

గంటలోపు, దాదాపు ఖర్చు లేకుండా, వేలమందికి ఒకేసారి చెప్పగలిగే పాఠం నుంచి వచ్చిందంటే ఒక విద్యాశాఖకు అది విలువైన సంగతే. కానీ మీ అబ్బాయి ఈఏపీసెట్ ర్యాంకు మారిపోతుందని పుస్తకం కొనే నాన్నకు అది వేరే సంగతి. పుస్తకం ‘పరిశోధనలో మార్కులు పెరిగాయి’ అంటుంది, అది నిజమే. ‘ఎవరికి, ఎంత’ అన్నది చెప్పదు. కాబట్టి సారాంశంలో ‘ప్రభావం ఉంది’ అన్న మాట దగ్గర ఆగకుండా అంకె వెతకండి. ఆ అంకెను రోజులు, కిలోలు, మార్కులు వంటి తెలిసిన కొలతలోకి మార్చి చూడండి. అంకె దొరకకపోతే, దొరికినా ఏ కొలతలోకీ మారకపోతే, ఆ వాదనను తక్కువగానే లెక్కపెట్టండి.

పుస్తకం ప్రయోగాల మీద కాక విజయగాథల మీద నడిస్తే

కొన్ని పుస్తకాల్లో ప్రయోగాలే ఉండవు. గెలిచిన కంపెనీలనో, కోటీశ్వరులనో తీసుకుని, వాళ్లలో సామాన్యంగా ఉన్న లక్షణాలు ఏరి, అవే గెలుపుకు కారణాలంటాయి. 2001లో వచ్చిన ‘గుడ్ టు గ్రేట్’ ఈ తరహాలో బాగా పేరున్న పుస్తకం. 1,435 కంపెనీల్లోంచి 11 ఎంచుకుని, వాటి లక్షణాలను చెప్పింది. ఆ పదకొండులో ఒకటైన సర్క్యూట్ సిటీ 2008లో దివాలా పిటిషన్ వేసింది. ఇంకొకటైన ఫానీ మేను అదే ఏడాది అమెరికా ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఆ పుస్తకం శ్రద్ధగా చేసిన పనే, పోల్చడానికి వేరే కంపెనీలను కూడా తీసుకుంది. అయినా గెలిచారని తెలిశాక వెనక్కి చూసి ఏరిన లక్షణాలు ముందుచూపుకు పనికొస్తాయన్న హామీ లేదు.

ఇలాంటి పుస్తకాన్ని పరీక్షించడానికి ఒకే ప్రశ్న చాలు: ఇవే లక్షణాలుండి ఓడిపోయిన వాళ్లను రచయిత వెతికారా? తెల్లవారుజామున నాలుగింటికి లేచే కోటీశ్వరుల జాబితా ఉన్న పుస్తకంలో, నాలుగింటికే లేచే పాలవాళ్లు, పేపరు వేసేవాళ్లు ఎక్కడా కనిపించరు. మీకు కథలుగా నచ్చితే కొనండి, చదువుకోండి. సూత్రాలుగా మాత్రం నమ్మకండి.

రచయిత అర్హతల గురించి ఎక్కువ చెప్పను. పేరు ముందు ‘డాక్టర్’ ఉంటే ఏ విషయంలో అన్నది చూడండి, అదే రచయిత అదే పద్ధతి మీద వేల రూపాయల శిబిరాలు నడుపుతున్నారేమో చూడండి. ఇవి అనుమానించడానికి పనికొస్తాయి కానీ తేల్చడానికి కావు. మంచి అర్హతలున్న పరిశోధకులే భంగిమల పత్రం రాశారు, అర్హతలున్న వాళ్లే దాన్ని తోసిపుచ్చారు.

సిఫార్సు చేసేటప్పుడు ఇంకో మెట్టు ఎక్కాలి

సొంతానికి కొంటే పోయేది రెండు మూడు వందలు. ఇంకొకరికి ఇస్తే, ముఖ్యంగా కష్టంలో ఉన్నవాళ్లకు ఇస్తే, అడగాల్సిన ప్రశ్న మారుతుంది. పుస్తకంలోని వాదనలకు ఆధారం ఉండడం వేరు, ఆ పుస్తకాన్నే మనుషులకిచ్చి పరీక్షించి ఉండడం వేరు. రెండోది చాలా అరుదు, కానీ లేకపోలేదు. డేవిడ్ బర్న్స్ రాసిన ‘ఫీలింగ్ గుడ్’ 1980లో వచ్చింది, కుంగుబాటుకు కాగ్నిటివ్ థెరపీ, అంటే ఆలోచనల తీరును మార్చే చికిత్స, పద్ధతుల మీద రాసిన పుస్తకం. 1995లో అచ్చయిన ఒక అధ్యయనంలో క్రిస్టీన్ జేమిసన్, ఫారెస్ట్ స్కోగిన్ కుంగుబాటుతో ఉన్న 80 మందిని రెండుగా విడగొట్టి, ఒక బృందానికి వెంటనే ఆ పుస్తకం ఇచ్చారు, ఇంకో బృందాన్ని కొన్ని వారాలు వేచి ఉండమన్నారు. చదివిన వాళ్ల లక్షణాలు వేచి ఉన్నవాళ్ల కన్నా బాగా తగ్గాయి.

దీనికీ షరతులున్నాయి. అది స్వల్పం నుంచి మధ్యస్థం దాకా ఉన్న కుంగుబాటు, ఇంగ్లీషు పుస్తకం, అమెరికా పాఠకులు, పరిశోధకులు మధ్యమధ్య ఫోను చేసి పలకరించిన పరిస్థితి. పుస్తకం కొనుక్కుని ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా చదివే మనిషికి అంతే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పదు. అయినా ఇన్ని పుస్తకాల మధ్య ఇంత మాత్రం పరీక్ష ఎదుర్కొన్నది దొరకడమే గొప్ప. ఇలాంటివాటిని వెతకడానికి గూగుల్ స్కాలర్‌లో పుస్తకం పేరు పక్కన `bibliotherapy randomized` అని వేయండి. ఇంగ్లండులో 2013 నుంచి నడుస్తున్న రీడింగ్ వెల్ పథకం వైద్యులు సూచించదగిన పుస్తకాల జాబితాలు తయారుచేస్తుంది. ఇంగ్లీషు చదివేవాళ్లకు పుస్తకం వెతికేటప్పుడు ముందు ఆ జాబితా చూడడం మేలు.

మధుమేహం మందులు ఆపేయవచ్చని, కుంగుబాటుకు మాత్రలు అక్కర్లేదని, సంకల్పంతో గడ్డలు కరిగిపోతాయని చెప్పే పుస్తకాలకు ఈ అరగంట పద్ధతి వర్తించదు. అక్కడ తప్పు ఖరీదు డబ్బు కాదు. మనుషుల మీద, పోలిక బృందంతో, ఒకటికి మించి పరీక్షలు చూపించలేకపోతే అలాంటి పుస్తకాన్ని ఎవరి చేతికీ ఇవ్వను.

ఇక 21 రోజుల పుస్తకం సంగతి. అడిగితే నేను ఇలా చెబుతాను: ‘అంకె నమ్మకు. రోజూ ఒకే సమయానికి, ఒకే సందర్భానికి ముడిపెట్టమన్న సలహా బాగుంది. రెండు మూడు నెలలు పడుతుందనుకో, వ్యాయామమైతే ఇంకా ఎక్కువ. ఒక రోజు తప్పితే మర్నాడు కొనసాగించు. ఖాళీ గీతల పేజీలకు డబ్బు పెట్టకు, ఇంట్లో ఉన్న నోటుపుస్తకం చాలు.’ అడిగినవాళ్లు నిద్ర పట్టడం లేదనో, బతకాలని లేదనో అంటే మాత్రం పుస్తకం పేరు చెప్పకుండా 14416 నంబరు ఇస్తాను. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.